దారిలో ఉన్న సరుకు ఎవరి నిల్వ?
శాఖల మధ్య మిర్చి బదిలీలో రెండు గోడౌన్ల లెక్కలూ చెడకుండా చూసే పద్ధతి

పల్నాటి వర్తకులలో ఒకే పేరు మీద రెండు మూడు చోట్ల దుకాణం నడిపేవారు చాలామంది ఉన్నారు. పెద్ద దుకాణం నరసరావుపేటలో ఉంటుంది. మాచర్లలోనూ, గురజాలలోనూ కొనుగోలు శాఖలు ఉంటాయి. రైతు ఇంటి దగ్గరో కల్లం దగ్గరో కొన్న మిర్చి ముందు శాఖ గోడౌనుకు చేరుతుంది. అక్కడ నుంచి లారీ సరుకు తయారైనప్పుడు నరసరావుపేటకు వస్తుంది. గుంటూరు బ్రోకరుతో బేరం మాట్లాడేది మాత్రం నరసరావుపేట దుకాణమే.

ఈ ఏర్పాటులో వ్యాపారం సాఫీగానే సాగుతుంది కాని, నెలాఖరున గోడౌను ఎక్కి టిక్కీలు లెక్క పెట్టినప్పుడు పుస్తకంతో సరిపడదు. ఒకచోట తక్కువ, మరొకచోట ఎక్కువ కనిపిస్తుంది. గుమస్తా మీదా కాపలా మనిషి మీదా అనుమానం పడుతుంది. విచారిస్తే చాలాసార్లు సరుకు ఎక్కడికీ పోయి ఉండదు. మాచర్లలో లారీ ఎక్కి, నరసరావుపేటలో ఇంకా దిగకుండా ఉన్న ఆ ఒకటి రెండు రోజులలో దానికి పుస్తకంలో చోటు లేకపోవడమే అసలు కారణం. ఆ చోటు కల్పించడమే ఈ వ్యాసంలోని విషయం.

మూడు తప్పు దారులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క సౌకర్యానికి వేసుకున్నవే. మార్చి 30 ఉదయం ఒక సంస్థకు తేజ రకం మిర్చి మాచర్లలో 420 టిక్కీలు, గురజాలలో 150, నరసరావుపేటలో 610 ఉన్నాయి. మొత్తం 1,180 టిక్కీలు. ఆ సాయంత్రం మాచర్ల నుంచి 120 టిక్కీలు లారీకి ఎక్కించి నరసరావుపేటకు పంపారు. కాటా తూకం 4,980 కిలోలు. లారీ గురజాల మీదుగా వెళ్లవలసి ఉంది. 31వ తేదీ ఆర్థిక సంవత్సరానికి ఆఖరు రోజు. ఆ రోజు మూడు చోట్లా నిల్వ తీయాలి. లారీ అప్పటికి ఇంకా దారిలోనే ఉంది.

మొదటి పద్ధతిలో మాచర్ల గుమస్తా లారీ కదలగానే 120 తగ్గిస్తాడు. నరసరావుపేట గుమస్తా సరుకు దిగిన తరువాతనే కలుపుకుంటాడు. ఇద్దరూ తమ మటుకు తాము న్యాయంగానే రాశారు. కాని 31 రాత్రి మూడు పుస్తకాలూ కలిపితే 1,060 టిక్కీలే వస్తాయి. సంస్థ సొంత సరుకు 120 టిక్కీలు లెక్కలో లేకుండా పోయాయి. క్వింటాలు కొనుబడి 15,000 రూపాయలు అనుకుంటే వాటి విలువ 7,47,000 రూపాయలు. ముగింపు నిల్వ అంత తక్కువ చూపితే ఆ ఏడాది లాభం కూడా అంత తక్కువ కనిపిస్తుంది. ఆదాయపు పన్ను లెక్కలో దానికి జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

రెండవ పద్ధతిలో మాచర్ల నుంచి ఫోను రాగానే నరసరావుపేటలో 120 కలుపుకుంటారు. పుస్తకంలో 730 కనిపిస్తుంది. 31న గుంటూరు బ్రోకరు 700 టిక్కీలు కావాలని అడిగితే పుస్తకం చూసి సరేనంటారు. గోడౌనులో ఉన్నది 610. తొంభై టిక్కీలకు మాట తప్పడమో, బయట ఆనాటి ధరకు కొని ఇవ్వడమో చేయాలి. ధర పెరుగుతున్న రోజైతే నష్టం తమ నెత్తినే పడుతుంది.

మూడవ పద్ధతిలో నరసరావుపేట నుంచి చేరిక కబురు వచ్చేవరకు మాచర్ల గుమస్తా తన నిల్వ తగ్గించడు. ఇది జాగ్రత్తగా కనిపిస్తుంది. కాని మాచర్ల పుస్తకంలో 420, గోడౌనులో 300 ఉంటాయి. స్థానికంగా ఎవరైనా అడిగితే లేని సరుకును అమ్మే ప్రమాదం మాచర్లలో మొదలవుతుంది. పైగా నరసరావుపేటవారు ఫోను మాట మీద ముందే కలుపుకొని ఉంటే అవే టిక్కీలు రెండు చోట్లా కనిపించి మొత్తం 1,300 అవుతుంది. బ్యాంకుకు ఇచ్చే నెలసరి స్టాకు స్టేట్‌మెంటులో ఆ అంకె వెళితే, లేని సరుకు మీద అప్పు వాడుకున్నట్లు అవుతుంది.

మూడో గోడౌను

ఈ మూడింటికీ మందు ఒక్కటే. దారిని కూడా ఒక గోడౌనుగా భావించి పుస్తకంలో దానికి ఒక ఖాతా తెరవాలి. ‘దారి సరుకు ఖాతా’ అని పేరు పెట్టుకోవచ్చు. దానికి గోడలు లేవు, తాళం లేదు. కాని మిగిలిన గోడౌన్ల మాదిరే దానికి జమ, ఖర్చు, నిల్వ ఉంటాయి.

లారీ కదిలిన రోజునే మాచర్ల నిల్వలో 120 ఖర్చు రాసి, దారి ఖాతాలో 120 జమ రాయాలి. నరసరావుపేటలో దిగి, లెక్క, తూకం అయిన రోజున దారి ఖాతాలో ఖర్చు రాసి, నరసరావుపేట నిల్వలో జమ రాయాలి. ఒక బదిలీకి ఇలా రెండు పద్దులు పడతాయి. ఈ లెక్క ప్రకారం 31 రాత్రి పుస్తకాలు ఇలా ఉంటాయి.

మాచర్ల: 300 టిక్కీలు
గురజాల: 150 టిక్కీలు
నరసరావుపేట: 610 టిక్కీలు
దారిలో: 120 టిక్కీలు
మొత్తం: 1,180 టిక్కీలు

ప్రతి గోడౌను పుస్తకమూ ఆ గోడౌనులో కంటికి కనిపించే సరుకునే చెబుతుంది. సంస్థ మొత్తం నిల్వ కూడా తగ్గలేదు, పెరగలేదు. బ్రోకరు అడిగినప్పుడు నరసరావుపేట దుకాణదారుకు చేతిలో 610 ఉన్నాయనీ, 120 రాబోతున్నాయనీ విడివిడిగా తెలుస్తుంది. ఆయన 600 టిక్కీలకు ఇవాళ మాట ఇచ్చి, మిగిలిన వంద సరుకు దిగి తూకమైన తరువాత ఇస్తామని చెప్పగలడు. దారి సరుకు మీద బేరం చేయకూడదని కాదు. అది చేతిలో ఉన్న సరుకుగా బేరం చేయకూడదు.

ఈ పద్ధతి నిలబడడానికి ఒక నియమం తప్పనిసరి. దారి ఖాతాలోకి వేసే అధికారం పంపినవారికే, అందులో నుంచి తీసే అధికారం పుచ్చుకున్నవారికే ఉండాలి. పంపినవారే రెండు పద్దులూ రాస్తే మధ్య ఖాతా పేరుకు మాత్రమే ఉంటుంది, చేరిందో లేదో ఎవరూ చూసినట్లు కాదు. కంప్యూటరులో లెక్కలు రాసే దుకాణాలలో దారి ఖాతాను ఒక గోడౌను పేరుగా తెరిచి, టాలీ వంటి ప్రోగ్రాములో స్టాక్ జర్నల్ ద్వారా ఈ రెండు పద్దులూ వేయవచ్చు. చేతి పుస్తకం ఉన్నచోట విడిగా ఒక రిజిస్టరు చాలు.

చలాను నంబరే తాడు

రెండు పద్దులను కలిపి ఉంచేది చలాను. ఒకే రాష్ట్రంలో, ఒకే జి.ఎస్.టి. రిజిస్ట్రేషను కింద ఉన్న శాఖల మధ్య బదిలీ అమ్మకం కాదు. అందువల్ల దానిపై పన్ను పడదు, పన్ను ఇన్వాయిసు అవసరం లేదు. డెలివరీ చలాను మూడు ప్రతులుగా రాయాలి. మొదటిది సరుకు పుచ్చుకునేవారికి, రెండవది రవాణాదారుకు, మూడవది పంపినవారికి. శాఖలన్నీ ఆ రిజిస్ట్రేషనులో అదనపు వ్యాపార స్థలాలుగా నమోదై ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా ఉండాలి. మన ఉదాహరణలో విలువ ఏడు లక్షలు దాటింది కనుక అది తప్పదు.

చలానులో రకం, లాటు గుర్తు, టిక్కీల సంఖ్య, తూకం, లారీ నంబరు, బయలుదేరిన తేదీ ఉండాలి. మిర్చికి టిక్కీల సంఖ్య, తూకం రెండూ రాయడం ముఖ్యం. టిక్కీ తూకం ఒకదానికొకటి సమానంగా ఉండదు. సంఖ్య ఒక్కటే రాస్తే దారిలో తగ్గిన తూకం తెలియదు. తూకం ఒక్కటే రాస్తే ఒక టిక్కీ పోయినా ఎండుదల కింద కొట్టుకుపోతుంది. పంపిన చోటా దిగిన చోటా ఒకే తరహా కాటా వాడడం కూడా అవసరం. ఒకచోట టిక్కీ టిక్కీ తూచి, ఇంకొకచోట లారీని వే బ్రిడ్జి మీదకు ఎక్కిస్తే, ఆ పెద్ద కాటా కిలో కిలో చూపదు కనుక వచ్చిన తేడా సరుకుదో కాటాదో చెప్పలేము.

దారి రిజిస్టరులో ప్రతి వరుసా ఒక చలాను. చలాను నంబరు, పంపిన సంఖ్య, చేరిన సంఖ్య, మిగిలింది, ఇంతే. అన్నీ చేరిన చలాను ముందు మిగిలింది సున్నా అవుతుంది. సున్నా కాని ప్రతి వరుసకూ ఎక్కడో ఒక సమాధానం ఉండి తీరాలి.

రెండు టిక్కీలు ఎక్కడ?

ఇప్పుడు మన లారీ సంగతికి వద్దాం. 30 రాత్రి గురజాల దగ్గరకు వచ్చేసరికి లారీ కమాను విరిగింది. గురజాల శాఖ ఆవరణలోకి తెచ్చి నిలిపారు. 31 మధ్యాహ్నం వేరే లారీ దొరికితే హమాలీలు సరుకు అందులోకి మార్చారు. లారీ మారింది కనుక ఈ-వే బిల్లులో కొత్త లారీ నంబరు ఎక్కించాలి. 200 కిలోమీటర్ల లోపు దూరానికి ఆ బిల్లు చెల్లుబడి ఒక రోజు. 30న లారీ నంబరుతో తీసినది 31 అర్ధరాత్రి వరకు పనిచేస్తుంది. అప్పటికి చేరే అవకాశం లేకపోతే గడువు ముగియడానికి ముందు 8 గంటలలోగాని, ముగిసిన తరువాత 8 గంటలలోగాని పొడిగించుకోవాలి. లారీ 31 రాత్రి పదింటికి నరసరావుపేట చేరింది. గోడౌను మూసి ఉంది. ఏప్రిల్ 1 ఉదయం సరుకు దింపారు.

ఇక్కడ మొదటి ప్రశ్న తలెత్తుతుంది. లారీ 31 రాత్రే వాకిట్లోకి వచ్చింది కదా, నిల్వలో కలుపుకోవద్దా? కలుపుకోకూడదు. చేరిక అంటే లారీ రావడం కాదు, లెక్క పెట్టి తూచి పుచ్చుకోవడం. తాళం వేసిన వాకిట్లో నిలిచిన లారీ సరుకు ఇంకా దారి సరుకే. కోల్డ్ స్టోరేజీకి పంపినప్పుడు కూడా ఇదే నియమం. వారు సరుకు దించుకొని ఇచ్చే రశీదు చేతికి వచ్చినప్పుడే ఆ కోల్డ్ స్టోరేజీ నిల్వలో జమ పడాలి.

ఏప్రిల్ 1న దింపి లెక్క పెడితే 118 టిక్కీలు వచ్చాయి. చలానులో 120 ఉన్నాయి. ఈ సమయంలో గుమస్తా చేసే పనే కీలకం. చలాను ఎంత ఉంటే అంత అని 120 జమ రాస్తే నరసరావుపేట నిల్వ ఆ రోజు నుంచే రెండు టిక్కీలు తప్పు. చలానును 118గా దిద్దితే మాచర్ల లెక్క తప్పు. అతను దిగిన 118 మాత్రమే జమ రాయాలి. మిగిలిన రెండూ ఆ చలాను నంబరు మీద దారి ఖాతాలోనే నిలిచి ఉంటాయి. అవి పోయాయని ఇంకా ఎవరూ తేల్చలేదు, దొరికాయని కూడా తేల్చలేదు. ఆ స్థితిని ఉన్నదున్నట్టు చూపగలిగేది దారి ఖాతా ఒక్కటే.

ఇంతలో 31న గురజాల శాఖలో నిల్వ తీసినప్పుడు పుస్తకంలో 150 ఉండగా గోడౌనులో 152 కనిపించాయి. సరుకు మార్చేటప్పుడు గోడ పక్కకు దించిన రెండు టిక్కీలను హమాలీలు మళ్లీ ఎక్కించలేదు. దారి ఖాతా లేని దుకాణంలో గురజాల గుమస్తా వాటిని ‘అధిక నిల్వ’ అని కలుపుకుంటాడు. నరసరావుపేట గుమస్తా రెండు టిక్కీలు ‘తక్కువ’ అని నష్టం రాసి, బాడుగలో కోత పెట్టమంటాడు. లారీవారితో తగాదా వస్తుంది. సరుకు మాత్రం సంస్థ ఆవరణలోనే ఉంటుంది.

పద్ధతి తెలిసిన దుకాణంలో గురజాల గుమస్తా ఎక్కువ కనిపించిన టిక్కీల లాటు గుర్తు చూస్తాడు. అది మాచర్ల గుర్తు. తన నిల్వలో కలపకుండా, తన లెక్కకు చెందని రెండు టిక్కీలు ఉన్నాయని 31 నాటి పట్టీ కింద రాసి కబురు పెడతాడు. నరసరావుపేటలో ఆ కబురును దారి రిజిస్టరుతో సరిచూస్తే మిగిలిన రెండూ ఇవేనని తేలుతుంది. అప్పుడు ఏప్రిల్ 2న ఆ రెండింటినీ పుచ్చుకున్నట్లు గురజాలవారే దారి ఖాతాలో ఖర్చు, తమ నిల్వలో జమ రాస్తారు. మాచర్ల 300, గురజాల 152, నరసరావుపేట 728, దారి సున్నా. ఈలోగా అమ్మకాలు లేవనుకుంటే మొత్తం మళ్లీ 1,180.

తరుగును వేరు చేయడం

సంఖ్య తేలిన తరువాత తూకం చూడాలి. గురజాలలో దొరికిన రెండు టిక్కీలు తూస్తే 83 కిలోలు. కనుక మిగిలిన 118 టిక్కీల తూకం మాచర్ల కాటా ప్రకారం 4,897 కిలోలు ఉండాలి. నరసరావుపేటలో 4,872 వచ్చింది. తేడా 25 కిలోలు, అంటే నూటికి అర కిలో.

మార్చి ఎండలో రెండు రోజులు లారీలో ఉన్న మిర్చి కొంత తేమ కోల్పోతుంది. ఇది సహజ తరుగు. అయితే ప్రతి తేడానూ ఎండుదల కింద వేయడం మొదలుపెడితే దొంగతనానికి తలుపు తీసినట్లే. సంస్థ తన గత బదిలీల నుంచి ఏ నెలలో ఎంత తరుగు వస్తున్నదో తనకు తాను ఒక హద్దు వేసుకోవాలి. ఎండుదలైతే తేడా టిక్కీలన్నిటా కొద్దికొద్దిగా పరచుకొని ఉంటుంది. చాలా టిక్కీలు సరిగానే ఉండి నాలుగైదు మాత్రం మూడేసి కిలోలు తగ్గితే అది ఎండ పని కాదు, కుట్టు విప్పిన గుర్తు. టిక్కీ టిక్కీ తూచిన పట్టీ రెండు చోట్లా ఉంటేనే ఈ తేడా కనిపెట్టగలరు.

హద్దులోపలి తరుగును నష్టంగా రాయనక్కర లేదు. తూకం తగ్గుతుంది కాని పెట్టిన డబ్బు తగ్గదు. 4,897 కిలోల కొనుబడి 7,34,550 రూపాయలు. అదే సొమ్ము ఇప్పుడు 4,872 కిలోల మీద పడుతుంది. క్వింటాలు 15,000 ఉన్నది ఇంచుమించు 15,077 అవుతుంది. బాడుగ, హమాలీ ఖర్చులు దీనిపై చేరుతాయి. గుంటూరు బేరానికి కూర్చునేటప్పుడు దుకాణదారు మనసులో ఉండవలసిన అసలు ధర ఇది. హద్దు దాటిన తరుగును మాత్రం వేరుగా నష్టం కింద చూపి, కారణం ఎవరిదైతే వారిని అడగాలి. శాఖల మధ్య చలానులో కొనుబడి ధరే వేసుకోవడం మేలు. మాచర్లవారు ఆనాటి మార్కెట్ ధర వేసి పంపితే, అమ్మకం జరగకుండానే నిల్వలో లాభం కలిసిపోతుంది.

ఈ పద్ధతి చాలనిచోటు

దారి ఖాతా లెక్కను నిలబెడుతుంది కాని, సరుకును కాపాడదు. గోడౌనుకు తీసుకున్న అగ్నిప్రమాద బీమా ఆ పాలసీలో రాసిన చిరునామాలోని సరుకుకు వర్తిస్తుంది. లారీ మీద ఉన్నప్పుడు నష్టం జరిగితే రవాణా బీమా విడిగా ఉండాలి. ఏ రోజు ఎంత విలువ దారిలో ఉంటున్నదో రిజిస్టరు నుంచే తెలుస్తుంది కనుక ఎంతకు బీమా చేయాలో అక్కడే లెక్క తీయవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంటులో కూడా దారి సరుకును గోడౌను నిల్వలో కలపకుండా వేరే వరుసలో చూపాలి. తనిఖీకి వచ్చిన అధికారి గోడౌనులో లెక్క పెడితే అప్పుడు పుస్తకంతో సరిపోతుంది.

కృష్ణ దాటితే సంగతి వేరు. మిర్యాలగూడ వంటి చోట అదే సంస్థకు శాఖ ఉంటే, తెలంగాణలో దానికి వేరే జి.ఎస్.టి. రిజిస్ట్రేషను ఉంటుంది. చట్టం దృష్టిలో ఆ రెండూ వేర్వేరు వ్యక్తులు. యజమాని ఒక్కరే అయినా ఆ బదిలీకి పన్ను ఇన్వాయిసు రాసి, అంతర్రాష్ట్ర పన్ను వేయాలి. అక్కడి శాఖ దానిని క్రెడిటుగా తీసుకుంటుంది. అయినా సరుకు ఇంకా సంస్థదే, ఇంకా దారిలోనే ఉంది. నిల్వ లెక్కలో దారి ఖాతా అలాగే ఉండాలి.

ఇక మిగిలింది వారానికి ఒకసారి దారి రిజిస్టరు తిరగవేయడం. మాచర్ల నుంచి నరసరావుపేటకు మామూలుగా ఒక్క రోజు ప్రయాణం. రెండు రోజులు దాటి నిలిచిన ప్రతి చలానుకూ ఆ రోజే ఫోను చేసి అడగాలి. లారీ చెడిందా, సరుకు దిగినా పద్దు రాయలేదా, టిక్కీలు మరో చోట ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలలో ఒకదానికి జవాబు దొరుకుతుంది. వారంలో అడిగితే హమాలీకి ఆ గోడ పక్క టిక్కీలు గుర్తుంటాయి. ఆరు నెలల తరువాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.